మూడు దారుల్లో వచ్చే పనులు, ఒకే షీటు

ప్రశ్న: మేడమ్, తిరుపతిలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. దుకాణాలకు, లాడ్జీలకు పోస్టర్లు, ఫ్లెక్సులు, చిన్న వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. ఏడుగురు క్లయింట్లు ఉన్నారు. ఒకరు వాట్సాప్‌లో వాయిస్ పెడతారు, ఒకరు మెయిల్ చేస్తారు, ఇంకొకరు రాత్రి ఫోన్‌లో చెప్తారు. పోయిన నెల ఒకాయన చెప్పిన పని పూర్తిగా మర్చిపోయాను, ఆయన వేరేవాళ్లను పెట్టుకున్నారు. అందరినీ మెయిల్‌లోనే పంపమంటే వినరు. గూగుల్ షీట్‌లో రాసుకోవడం రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. చదువయ్యాక ఇదే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఈ గందరగోళాన్ని ఎలా దారిలో పెట్టాలి?

జవాబు: ముందు క్లయింట్లను మార్చే ప్రయత్నం మానేయండి. కౌంటర్ దగ్గర నిలబడి వ్యాపారం చేసుకునే మనిషి మీ కోసం మెయిల్ టైప్ చేయడు. ఫారం నింపమని లింకు పంపినా నింపడు, మళ్లీ వాయిసే పెడతాడు. వాళ్లకు నచ్చిన దారిలోనే చెప్పనివ్వండి. అది మీ షీట్‌లోకి చేరే దారి మాత్రం మీ చేతుల్లో ఉంచుకోండి.

మీరు షీట్ రెండుసార్లు వదిలేయడానికి కారణం నేను ఊహించగలను. నా దగ్గరికి వచ్చే ఫ్రీలాన్సర్లలో చాలామంది మెసేజ్ రాగానే షీట్ తెరిచి రాయాలనుకుంటారు. బండి మీద ఉన్నప్పుడో, క్లాసులో ఉన్నప్పుడో అది కుదరదు. రెండు మూడు పనులు తప్పిపోతాయి. షీట్‌లో అన్నీ లేవని తెలిశాక దాని మీద నమ్మకం పోతుంది, మళ్లీ చాట్‌లు వెతుక్కోవడం మొదలవుతుంది. అందుకే గుర్తు పెట్టడాన్నీ రాయడాన్నీ విడదీయండి.

గుర్తుకు వాట్సాప్‌లోనూ జీమెయిల్‌లోనూ ఉన్న నక్షత్రం చాలు. పని ఉన్న మెసేజ్ కనబడగానే దాన్ని నొక్కి పట్టుకుని స్టార్ పెట్టండి. మెయిల్‌కైనా అంతే. స్టార్ ఉందంటే ‘ఇది ఇంకా షీట్‌లో ఎక్కలేదు’ అని అర్థం, ఇంకే అర్థమూ వద్దు. ముఖ్యమైనవాటికీ, నచ్చినవాటికీ కూడా స్టార్ పెడితే ఈ పద్ధతి అక్కడే చెడిపోతుంది. కొందరు మెసేజ్‌ను తమ నంబరుకే ఫార్వర్డ్ చేసుకుంటారు. అలా చేస్తే ఎవరు పంపారో, ఎప్పుడు పంపారో పోతుంది. స్టార్ పెట్టిన మెసేజ్‌ల జాబితాలో పేరూ తేదీ కనబడతాయి, నొక్కితే నేరుగా ఆ చాట్‌లోకే తీసుకెళ్తుంది.

ఇక ఫోన్ కాల్. మీరు పోగొట్టుకున్న క్లయింటు పని ఏ దారిలో వచ్చిందో మీరు రాయలేదు కానీ, ఎక్కువగా మరుపుకు వచ్చేవి ఫోన్‌లో చెప్పినవే. కాల్ పెట్టేయగానే, ఇంకో పనిలోకి వెళ్లకముందే, ఆ క్లయింటుకు వాట్సాప్‌లో రెండు లైన్లు పంపండి: ‘సార్, ఇప్పుడు మీరు చెప్పినవి: రేట్ల బోర్డు 4 అడుగులు 3 అడుగులు, తెలుగు, తమిళం. శుక్రవారానికి ఇస్తాను. తేడా ఉంటే చెప్పండి.’ ఆ మెసేజ్‌కు మీరే స్టార్ పెట్టుకోండి. దీంతో మూడు దారులు రెండయ్యాయి. ఫోన్‌లో చెప్పింది కూడా రాతలోకి వచ్చింది. మీరు తప్పుగా విని ఉంటే క్లయింటు అప్పుడే దిద్దుతాడు, డిజైన్ అంతా అయ్యాక కాదు.

రోజుకు రెండు వేళలు పెట్టుకోండి, కాలేజీకి వెళ్లే ముందు ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి. వాట్సాప్ స్టార్ జాబితా తెరిచి ఒక్కొక్కటీ షీట్‌లో రాసి స్టార్ తీసేయండి, తర్వాత జీమెయిల్‌లో అదే చేయండి. రెండు జాబితాలూ ఖాళీ అయితే మీ పనులన్నీ షీట్‌లో ఉన్నట్టే. ఏదైనా తప్పిపోయిందేమో అన్న అనుమానానికి ఇదే పరీక్ష.

షీట్‌లో నిలువు వరసలు ఎనిమిది చాలు: నంబరు, వచ్చిన తేదీ, ఎవరు చెప్పారు, ఏం కావాలి, ఎక్కడ చెప్పారు, గడువు, స్థితి, బిల్లు. ‘ఏం కావాలి’ దగ్గర వీలైనంతవరకు క్లయింటు మాటల్లోనే రాయండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల్లోపు మార్చవచ్చు, ఆ తర్వాత కూడా కొంతకాలం అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. మీరు స్టార్ పెట్టినా సరే, వాళ్లు తీసేస్తే మీకూ కనబడదు. షీట్‌లో వాళ్ల మాట ఉంటే మీకు ఆధారం మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఒక అడ్డు వరస అంటే మీరు అప్పగించాల్సిన ఒక పని. ఒక మెసేజ్ కాదు. ఇది ఎలా నడుస్తుందో ఒక లాడ్జీని తీసుకుని చూద్దాం. సోమవారం ఉదయం మేనేజరు వాయిస్ పెట్టాడు: ‘వెబ్‌సైట్‌లో ఏసీ రూము రేటు 1,800 చెయ్యప్పా, కొత్త రూముల ఫొటోలు కూడా ఎక్కించు, అట్లే రిసెప్షన్‌కు రేట్ల బోర్డు ఒకటి కావాల.’ వాయిస్ ఒకటే, పనులు మూడు. కాబట్టి మూడు వరసలు, 41, 42, 43. ఇందులో 42కు ఫొటోలు ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఓనరు కొడుకు ఫొటోలు మెయిల్ చేస్తూ చివర్లో ఒక లైను రాశాడు, పాత రేట్లే ఉంచమని. రాత్రి మేనేజరు ఫోన్ చేసి బోర్డు మీద తమిళం కూడా ఉండాలన్నాడు.

మూడూ మూడు చోట్ల ఉంటే మీరేం చేస్తారు? వాయిస్ విని రేటు మార్చేస్తారు, మెయిల్‌లో ఫొటోలు దించుకుని చివరి లైను చూడకుండా మూసేస్తారు. షీట్‌లో ఎక్కించేటప్పుడు మాత్రం మెయిల్‌లోని రేట్ల మాట 41వ వరస దగ్గరే రాయాలి, అక్కడ 1,800 కనబడుతుంది. ఇద్దరి మాటా పొసగడం లేదని అప్పుడే తెలుస్తుంది. 43వ వరసలో బోర్డు కూడా ఆ రేటు మీదే ఆధారపడి ఉందనీ తెలుస్తుంది. ఆ ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపండి: ‘ఏసీ రూము రేటు 1,800 పెట్టాలా, పాతదే ఉంచాలా? మీలో ఒకరు చెప్తే వెబ్‌సైటూ బోర్డూ రెండూ చేస్తాను.’ ఏది సరైనదో మీరే తేల్చేయకండి. ఒకే వ్యాపారం నుంచి ఇద్దరు చెప్తున్నప్పుడు ‘ఎవరు చెప్పారు’ దగ్గర లాడ్జీ పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, మనిషి కూడా ఉండాలి. ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది.

ఇప్పుడు స్థితి సంగతి. నాలుగే మాటలు పెట్టండి: నా దగ్గర, క్లయింట్ దగ్గర, పూర్తి, వద్దన్నారు. డ్రాప్‌డౌన్ పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే స్పెల్లింగ్ పడుతుంది, లేకపోతే ఫిల్టర్ పనిచేయదు. ‘జరుగుతోంది’, ‘సగం అయింది’ లాంటివి పెట్టకండి. వాటి వల్ల ఎవరు కదలాలో తెలియదు. పై ఉదాహరణలో 41, 43 రెండూ ‘క్లయింట్ దగ్గర’, 42 ‘నా దగ్గర’. పొద్దున్నే ‘నా దగ్గర’ అని ఫిల్టర్ చేస్తే ఆ రోజు మీరు చేయాల్సినవి వస్తాయి. ‘క్లయింట్ దగ్గర’ అని ఫిల్టర్ చేస్తే ఎవరికి గుర్తు చేయాలో వస్తుంది. ఈ రెండోది వారానికి ఒకసారైనా చూడండి. తమిళ పాఠం వాళ్లు పంపకపోవడం వల్ల బోర్డు ఆగినా, క్లయింటు మనసులో ఆలస్యం మీదే.

గడువు దాటిన పని ఎర్రగా కనబడాలంటే కండిషనల్ ఫార్మాటింగ్‌లో కస్టమ్ ఫార్ములాగా ఇది పెట్టండి. గడువు F నిలువు వరసలో, స్థితి G నిలువు వరసలో, పనులు 2వ అడ్డు వరస నుంచి ఉన్నాయనుకుని రాశాను, కాబట్టి దీన్ని A2 నుంచి మొదలయ్యే గడులకే పెట్టండి:

```
=AND($F2<>"", $F2<TODAY(), $G2="నా దగ్గర")
```

ఇది పెట్టినా రంగు మారడం లేదంటే దాదాపు ఎప్పుడూ తేదీలోనే తేడా ఉంటుంది. గూగుల్ షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 25/10/2025 అని కొట్టినదాన్ని తేదీగా తీసుకోదు, అక్షరాలుగా ఉంచుతుంది. అది గడిలో ఎడమ వైపుకు జరిగి కనబడుతుంది, నిజమైన తేదీ కుడి వైపుకు ఉంటుంది. ఇంకా ప్రమాదం 5/10 లాంటివి, అక్టోబరు 5 అని మీరు కొడితే అది మే 10 అనుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. File, Settings లోకి వెళ్లి Locale దగ్గర India పెట్టండి. షీట్ మొదలుపెట్టిన రోజే ఈ పని చేయాలి, అప్పటికే తప్పుగా పడిన తేదీలు తర్వాత వాటంతటవి సరికావు.

క్లయింటు మార్పు చెప్పినప్పుడు కొత్త వరస వేయాలా, పాతదే దిద్దాలా? డిజైన్ ఇంకా పంపకముందు తమిళం కావాలంటే 43లోనే చేర్చండి. మీరు పంపి, ఆయన సరేనన్నాక ‘తమిళం కూడా వెయ్యి’ అంటే అది 44, దాని బిల్లు గడి దానిదే. నెలాఖరులో డబ్బులు అడిగేటప్పుడు ‘చాలా మార్పులు చేశాను సార్’ అనడానికీ, ‘43 మీరు 14న సరేనన్నారు, 44 మీరు 17న చెప్పారు’ అని చూపడానికీ చాలా తేడా ఉంది. దీన్ని వృత్తిగా చేసుకోవాలనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మొదట్లో కుర్రాళ్ల డబ్బు పోయేది ఎక్కువగా ఈ లెక్కలో లేని మార్పుల్లోనే. మొదటి మార్పు ఉచితంగా ఇస్తారా, రెండు ఇస్తారా అన్నది మీ ఇష్టం, కానీ ఉచితమైనా వరస వేసి బిల్లు దగ్గర సున్నా రాయండి.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. ఏడుగురికి, పదిహేను మందికి కూడా ఒక్క మనిషే చూసుకుంటే షీట్ సరిపోతుంది. రేపు మీరు ఇంకొకరిని పనిలో పెట్టుకుని ఇద్దరూ ఫైళ్లు మార్చుకోవడం మొదలైతే ట్రెల్లో లాంటి పనుల బోర్డు యాప్ చూడొచ్చు. ఇప్పుడే దాని జోలికి పోకండి, దాన్ని నేర్చుకునే ఉత్సాహంలో స్టార్‌లు ఖాళీ చేయడం వెనకబడుతుంది.

మొదలుపెట్టేటప్పుడు పాత చాట్‌లన్నీ తవ్వకండి. గత రెండు వారాల్లో చెప్పినవి మాత్రం రాసి, ప్రతి క్లయింటుకూ వాళ్ల వరసలు కాపీ చేసి పంపండి: ‘సార్, నా దగ్గర ఉన్న మీ పనులు ఇవి. ఏదైనా మిగిలిపోయిందా?’ కొందరు ఒకటో రెండో గుర్తు చేస్తారు, అవి మీరు మర్చిపోయినవే. పరీక్షల నెలలో కూడా ఇదే జాబితా పనికొస్తుంది. హాల్ టికెట్ తేదీలు చూసుకుని, ఆ రోజుల్లో పడే గడువులున్న వరసలను ఫిల్టర్ చేసి, ఆ క్లయింట్లకు రెండు వారాల ముందే కొత్త తేదీ చెప్పండి. ఒప్పుకున్న తేదీని అప్పటికప్పుడే F నిలువు వరసలో మార్చేయండి.