బ్లౌజులు, యూనిఫారాల యూనిట్‌కి పాత జూకీలా, కొత్త మెషిన్లా?

"గుంటూరులో చిన్న టైలరింగ్ యూనిట్ పెడుతున్నామండీ. బ్లౌజులు, స్కూల్ యూనిఫారాలు కుడతాం. ఐదు మెషిన్లు కావాలి. మూతపడిన గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జూకీ కంపెనీ మెషిన్లు ఒకతను టేబుల్, స్టాండు, క్లచ్ మోటారుతో సహా ఒక్కోటి 12 వేలకి ఇస్తానంటున్నాడు. బెల్టు లేకుండా మోటారు మెషిన్‌లోనే ఉండే కొత్త డైరెక్ట్ డ్రైవ్ 25 వేలు చెబుతున్నారు. పాతవి తీసుకుంటే ఇరుక్కుపోతామా?"

హెడ్డు, అంటే టేబుల్ మీద కూర్చునే అసలు మెషిను, బాగుంటే ఇరుక్కోరండీ. కానీ 12 వేలు మాత్రం ఎక్కువ. ముందు ఆ లెక్క చూద్దాం.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్లచ్ మోటార్లు చాలావరకు త్రీ ఫేజ్‌వి. మోటారు మీద రేకు ముక్క ఉంటుంది, 415 వోల్టులు అని కనిపిస్తే మీ షాపు సింగిల్ ఫేజ్ కరెంటుకి అది పనికిరాదు. సింగిల్ ఫేజ్‌ది అయినా, స్విచ్ వేసిన దగ్గర్నుంచి ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. టైలరు బట్ట సర్దుకుంటున్నా, దారం ఎక్కిస్తున్నా కరెంటు కాలుతూనే ఉంటుంది, గదిలో హోరు తగ్గదు. దాన్ని తీసేసి సర్వో మోటారు పెట్టించుకోవాలి, అది పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. దానికి సుమారు 5 వేలు వేసుకోండి. షటిల్, బట్టని ముందుకి జరిపే పళ్లు, సూది ప్లేటు, బెల్టు, మెకానిక్ కూలీ, రవాణా కలిపి ఇంకో 2 వేలు. మీ 12 వేల మెషిను 19 వేలకి చేరింది. కొత్తదానికీ దీనికీ తేడా 6 వేలే, పైగా గ్యారంటీ లేదు.

నేను పెట్టుకునే హద్దు ఏంటంటే, పాతది రిపేర్లతో సహా కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటకూడదు. 25 వేలకి అది దాదాపు 16,500. అందులో సర్వోకి, రిపేర్లకి 7 వేలు తీసేస్తే మీరు ఇవ్వాల్సింది 9,500. "మోటారు నువ్వే ఉంచుకో, హెడ్డు, టేబుల్, స్టాండు చాలు" అని అడగండి. బేరం అక్కడే తెగుతుంది.

ఇక హెడ్డు. జూకీ డీడీఎల్-8700 లాంటి మామూలు మెషిన్‌లో ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు. షటిల్, పళ్లు, సూది ప్లేటు అరిగితే మార్చుకోవచ్చు. లోపల మెయిన్ షాఫ్టు తిరిగే బుష్‌లు, సూదిని పట్టుకునే నీడిల్ బార్ పైకీ కిందికీ కదిలే బుష్‌లు అరిగాయంటే మాత్రం ఆ హెడ్డు మీద డబ్బు పెట్టకండి. కొత్త రంగు చూసి మోసపోవద్దు, స్క్రూల గాళ్లలో కూడా రంగు నిండి ఉంటే పైపైన పూసి అమ్ముతున్నారని అర్థం.

మోడల్ నంబరు చివర హెచ్ అక్షరం ఉందేమో ముందు చూడండి. అది మందం బట్టల రకం. బళ్లారి లాంటి జీన్స్ కుట్టే ఊళ్ల నుంచి వచ్చే సరుకులో ఇవి తగలొచ్చు. వీటి పళ్లు ముతకగా, ప్లేటులో సూది రంధ్రం పెద్దగా ఉంటాయి. మీ పల్చటి బ్లౌజు గుడ్డని సూది ఆ రంధ్రంలోకి లాక్కుంటుంది, పళ్ల గుర్తులు పడతాయి, కుట్టు ముడుచుకుంటుంది.

తర్వాత బెల్టు తీసేయించి, చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పండి. ఒక చుట్టు మొత్తం ఒకేలా తేలిగ్గా తిరగాలి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట పట్టేస్తుంటే లోపల తుప్పో, వంగిన భాగమో ఉన్నట్టు. చక్రాన్ని కుడివైపు బయటికి లాగి, మళ్లీ లోపలికి తోయండి. టక్కుమని కదిలితే షాఫ్టు వదులైనట్టు. అలాగే నీడిల్ బార్‌ని కిందికి దింపి, చివర పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. వేలికి ఊగుడు తెలుస్తుంటే ఆ మెషిను వదిలేయండి.

ఎందుకంటే షటిల్ మొనకీ సూదికీ మధ్య ఉండాల్సిన సందు 0.04 నుంచి 0.1 మిల్లీమీటరు. మెకానిక్ ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా, నీడిల్ బార్ ఊగితే ఆ సందు కుట్టు కుట్టుకీ మారిపోతుంది. మెల్లగా కుడితే బాగానే ఉంటుంది, స్పీడు పెంచగానే కుట్లు తప్పుతాయి. అమ్మేవాడు మీ ముందు మెల్లగానే కుట్టి చూపిస్తాడు. అందుకే పెడల్ మీరే పూర్తిగా తొక్కండి. స్పీడు పెంచినప్పుడే కుట్టు తప్పుతూ, బార్‌లో ఊగుడు కూడా ఉంటే బుష్ పోయినట్టు. అన్ని స్పీడుల్లోనూ తప్పుతుంటే సూది సరిగ్గా ఎక్కించారో లేదో చూసి, తర్వాత షటిల్ మొన మీద గోరు నడపండి. గరుకుగా తగిలితే లోపం షటిల్‌ది, అది మారిస్తే సరిపోతుంది.

వెళ్లేటప్పుడు మీ బట్ట మీరే పట్టుకెళ్లండి: రెండు పొరల తెల్ల పాప్లిన్, కాస్త యూనిఫారం ప్యాంటు గుడ్డ. పైన తెల్ల దారం, బాబిన్‌లో నల్ల దారం వేసి కుడితే టెన్షన్ తేడా వెంటనే కంటికి తెలుస్తుంది. ప్యాంటు గుడ్డని మడిచి, నాలుగు పొరలు కలిసే చోట కుట్టు ఎక్కించండి. తప్పితే అక్కడే తప్పుతుంది. ఆపకుండా అరగంట నడిపించండి. పైన ఉండే చిన్న గాజు కిటికీలో నూనె చిమ్ముతూ కనబడాలి. కనబడకపోతే నూనె పైకి ఎక్కడం లేదు. ముందుగా ట్రేలో నూనె గీత దాకా ఉందో లేదో చూడండి, ఉండి కూడా చిమ్మకపోతే పంపు దగ్గర లోపం ఉంది.

అరగంట తర్వాత హెడ్డు వెనక్కి వాల్చి, ట్రేలో నూనెని వేలికి రాసుకుని వెలుతురులో చూడండి. పసుపు రంగుకి తిరగడం మామూలే. నల్లగా ఉండి, మెరిసే లోహపు పొడి కనిపిస్తే లోపల అరుగుతోంది. ఇదంతా అయ్యాక తెల్ల గుడ్డ మీద నూనె చుక్కలు పడ్డాయేమో వెతకండి. నీడిల్ బార్ నుంచి కారే నూనె యూనిఫారం మీదైతే ఉతికితే పోవచ్చు, కస్టమర్ పట్టు బ్లౌజు మీద పడితే ఆ బ్లౌజు డబ్బు మీరు కట్టాల్సి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ డైరెక్ట్ డ్రైవ్ గానీ, దారం తనే కత్తిరించే మెషిను గానీ ఎంత చవకగా వచ్చినా నేను వద్దంటాను. కంట్రోల్ బాక్సులో బోర్డు ఎప్పుడు పోతుందో చక్రం తిప్పి చెప్పలేం. మోడల్ ఆగిపోయి ఉంటే ఆ బాక్సు దొరకడమే కష్టం. ఎలక్ట్రానిక్స్ ఉన్నవి కొత్తగానే కొనండి.

మీ ఐదింటికీ నేనైతే మూడు పాతవి, రెండు కొత్తవి తీసుకుంటాను. మూడు పాతవి రిపేర్లతో 49,500, రెండు కొత్తవి 50 వేలు, మొత్తం 99,500. ఐదూ కొత్తవైతే 1,25,000. పట్టు బ్లౌజులు కొత్తవాటి మీద, యూనిఫారాలు పాతవాటి మీద నడపండి. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు రద్దీలో ఒక పాతది ఆగినా మిగతా నాలుగూ నడుస్తాయి. పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది, మీకు అర్హత ఉంటే మొదటి విడత 5 శాతం వడ్డీకి లక్ష దాకా లోను వస్తుంది. అలా డబ్బు సర్దుబాటైతే మూడో కొత్తది కూడా చూడొచ్చు.

డబ్బు ఇచ్చే రోజున ప్రతి హెడ్డు సీరియల్ నంబరూ బిల్లులో రాయించండి. మీరు పరీక్షించిన హెడ్డే లారీ ఎక్కిందని తేలేది ఆ నంబరుతోనే. ఒక్కో మెషినుకి వెయ్యి రూపాయలు ఆపుకుని, మీ షాపులో బిగించి పదిహేను రోజులు నడిచాక ఇస్తామని ఆ బిల్లు మీదే రాయించండి. దానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.