‘అడ్వైసెస్’ అని ఎందుకు రాయకూడదు?

“‘ప్లీజ్ గివ్ మీ సమ్ అడ్వైసెస్’ అని మెయిల్ పెడితే మా లీడ్ దిద్దారు. సలహాలు అంటాం కదా, తప్పేంటి?”

తెలుగులో సలహాని లెక్కపెడతాం, చిక్కంతా అక్కడే. ఇంగ్లీషులో అడ్వైస్ మన ఇసుక లాంటిదండి. రెండు ఇసుకలు అనం, రెండు బస్తాల ఇసుక అంటాం. అలాగే ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’. మీ వాక్యానికైతే ‘సమ్ అడ్వైస్’ చాలు.

ఎస్ తీసేస్తే పని అయిపోదు. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేస్తూ నేను ఓనరుకి ‘మెనీ ఫర్నిచర్ ఆర్ డ్యామేజ్డ్’ అని రాశాను. ఎస్ లేదు, కానీ మెనీ, ఆర్ రెండూ బహువచనానివే. ‘సమ్ ఆఫ్ ద ఫర్నిచర్ ఈజ్ డ్యామేజ్డ్’ అనాలి. అసలు విరిగినవి రెండు కుర్చీలే! ‘టూ చెయిర్స్ ఆర్ డ్యామేజ్డ్’ అని వస్తువు పేరే రాసుంటే ఆయనకి మొత్తం సామాను పోయిందన్న టెన్షన్ ఉండేది కాదు.

ఇన్ఫర్మేషన్‌కి ఎస్ పెట్టకపోయినా ముందు ‘యాన్’ తగిలిస్తుంటారు. అదీ కుదరదు, ‘సమ్’ వాడండి.

బ్యాంకు కాగితాల్లో మాత్రం ‘పేమెంట్ అడ్వైసెస్’ కనిపిస్తుంది. అక్కడ అడ్వైస్ అంటే సలహా కాదు, చెల్లింపు గురించి పంపే నోటీసు. కాబట్టి లెక్కపెట్టొచ్చు.