72 సూత్రంతో డబ్బు ఎప్పుడు రెట్టింపవుతుందో లెక్కేయడం ఎలా?

బ్యాంకు వడ్డీకైనా, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకైనా 72 సూత్రం ఒకేలా పనిచేస్తుందా?

చక్రవడ్డీ అయితేనే పనిచేస్తుంది. 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయి. 6 శాతానికి 12 ఏళ్లు, 8 శాతానికి 9 ఏళ్లు. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రనే చూడండి. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 7.5 శాతం, గడువు 115 నెలలు అయ్యాయి. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే సరిగ్గా ఆ 115 నెలలే.

రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. అప్పు తీసుకునే చాలామంది పొరబడేది ఇక్కడే. బారువడ్డీ అయితే 72 జోలికి పోకూడదు, 100ను 2తో భాగించాలి: లక్ష రెండు లక్షలవడానికి 50 నెలలు. అదే ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే, 72 సూత్రం 3 ఏళ్లంటుంది. నిజానికి మూడేళ్ల రెండు మూడు నెలలు పడుతుంది.

ఆ తేడాకు కారణం, 72 అనే అంకె 8 శాతం దగ్గర బాగా కుదురుతుంది, పైకి పోయేకొద్దీ తక్కువ కాలం చూపిస్తుంది. 8 దాటిన ప్రతి 3 శాతానికి 72కు 1 కలుపుకోండి. 24 శాతానికి 77 అవుతుంది, 24తో భాగిస్తే 3.2 ఏళ్లు.

డిపాజిట్ల విషయంలో పన్ను పోగా చేతికొచ్చే శాతంతోనే భాగించండి. 7 శాతంలో 30 శాతం పన్నుకు పోతే మిగిలేది 4.9. పదేళ్లనుకున్నది దాదాపు పదిహేనేళ్లవుతుంది.