బ్రిటన్‌లో తొలి పేస్లిప్: లెక్కకూ ఖాతాలో జమకూ తేడా ఎక్కడ వస్తుంది?

బ్రిటన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ల నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో తరచుగా వచ్చే సందేహం ఇది. గుంటూరు నుంచి వచ్చి లీడ్స్‌లో ఎం.ఎస్సీ. పూర్తిచేసిన ఒక యువకుడు గ్రాడ్యుయేట్ వీసా మీద సెప్టెంబరు 1న ఏడాదికి 42,000 పౌండ్ల జీతంతో చేరారని అనుకుందాం. నెలకు 3,500 పౌండ్లు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో చూసుకుంటే చేతికి దాదాపు 2,814 రావాలి. సెప్టెంబరు 30న ఖాతాలో పడింది 2,532. మిగిలిన 282 పౌండ్లు ఎటు పోయాయన్నది ప్రశ్న. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఇంగ్లండ్‌లో 2025-26 పన్ను సంవత్సరానివి. స్కాట్లండ్‌లో ఆదాయపు పన్ను రేట్లు వేరు.

మొదట పేస్లిప్ అడుగున ఉండే ‘నెట్ పే’ అంకెనూ బ్యాంకులో జమైన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ రెండూ పెన్నీతో సహా సరిపోవాలి. సరిపోకపోతే అది పన్నుకు సంబంధించిన విషయం కాదు, పేరోల్ విభాగాన్ని వెంటనే అడగవలసినది. మన ఉదాహరణలో రెండూ 2,532.18 అని సరిపోయాయి కనుక తేడా పేస్లిప్ లోపలే ఉంది.

పేస్లిప్‌లో ఎన్ని వరుసలున్నా ముందుగా నేషనల్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ పెన్షన్ వంటి వాటి కోసం జీతంలోంచి తీసుకునే ఎన్‌ఐ కోతను చూడమని చెబుతాను. దానికి కారణం ఉంది. ఎన్‌ఐ ఆ నెల జీతం మీద మాత్రమే ఆధారపడుతుంది, గత నెలలతో గానీ, పన్ను కోడ్‌తో గానీ దానికి సంబంధం లేదు. నెలకు 1,048 పౌండ్లు దాటిన సొమ్ము మీద 8 శాతం, 4,189 దాటిన భాగం మీద 2 శాతం, అంతే. మన ఉదాహరణలో 3,500లో 1,048 తీసివేస్తే 2,452, అందులో 8 శాతం 196.16. పేస్లిప్‌లో కూడా అదే ఉంటే, కంపెనీ మీ జీతాన్ని సరిగ్గానే లెక్కలోకి తీసుకుందని, తప్పు జీతంలో లేదని తేలిపోతుంది. ఎన్‌ఐ తక్కువగా కనిపిస్తే, నెల మధ్యలో చేరినందువల్ల జీతం తగ్గిందేమో, లేదా పెన్షన్ ‘శాలరీ శాక్రిఫైస్’ పద్ధతిలో పోతోందేమో చూడాలి. ఆ పద్ధతిలో పెన్షన్ సొమ్ము కోతల వరుసలో కాకుండా జీతంలోనే ముందుగా తగ్గిపోతుంది కనుక, ఒప్పంద పత్రంలోని అంకెను 12తో భాగించి చూసేవారికి లెక్క ఎప్పటికీ కుదరదు. ఎన్‌ఐ నంబర్ ఇంకా రాలేదు కాబట్టి ఎక్కువ కోసి ఉంటారని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. అది సరికాదు, నంబర్ వచ్చినా రాకపోయినా ఈ కోత ఒక్కటే.

ఇక మిగిలింది ఆదాయపు పన్ను. పేస్లిప్ మీద ఆ నెల పన్ను 771.66 అని ఉంది. దాని అర్థం తెలియాలంటే పేరు పక్కనో, పైభాగంలోనో చిన్న అక్షరాలతో ఉండే టాక్స్ కోడ్ చదవాలి. ఇక్కడ అది `0T M1`. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేకుండా ఇచ్చే వెసులుబాటు `1257L` అనే కోడ్‌లో ఉంటుంది. `0T` అంటే ఆ వెసులుబాటు సున్నా. `M1` అంటే గత నెలలను లెక్కించకుండా ఈ ఒక్క నెలనే విడిగా చూడటం. అందువల్ల నెలకు పడే 20 శాతం శ్లాబు 3,141.67 మీద 628.33, ఆ పైనున్న 358.33 మీద 40 శాతం చొప్పున 143.33 పడ్డాయి. ఏడాదికి 42,000 మాత్రమే సంపాదించే మనిషికి 40 శాతం పన్ను పడటం చూసి కంగారుపడే వారిని చూశాను, కానీ అది కోడ్ వల్ల వచ్చిన ఫలితమే. `BR` అని ఉంటే మొత్తం జీతం మీద 20 శాతం, అంటే 700 పడేది. `1257L M1` అని ఉంటే 490.20 పడేది, కాలిక్యులేటర్ చెప్పేది కూడా ఇదే.

`0T M1` సాధారణంగా ఎందుకు పడుతుందంటే, కొత్త ఉద్యోగికి పాత కంపెనీ ఇచ్చే పీ45 గానీ, తన వివరాలతో పూర్తిచేసిన ‘స్టార్టర్ చెక్‌లిస్ట్’ అనే ఫారం గానీ తొలి జీతానికి ముందు పేరోల్‌కు అందకపోవడం వల్ల. పన్ను సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 6 తర్వాత ఇదే తొలి ఉద్యోగమై, వేరే ఉద్యోగం, పెన్షన్ వంటివి లేనివారు అందులో ‘స్టేట్‌మెంట్ ఏ’ ఎంచుకోవాలి. మన ఉదాహరణలోని యువకుడు ఏప్రిల్ నుంచి ఏ పార్ట్‌టైమ్ పనీ చేయలేదు కనుక ఆయనకు అదే వర్తిస్తుంది. అది సమయానికి ఇచ్చి ఉంటే కోడ్ `1257L`గా, ఏప్రిల్ నుంచి పోగయ్యే పద్ధతిలో ఉండేది. సెప్టెంబరు 30 ఆరో పన్ను నెలలో పడుతుంది, అప్పటికి పన్ను లేని మొత్తం దాదాపు 6,289కి చేరి ఉంటుంది కనుక ఆ నెల పన్నే ఉండేది కాదు, చేతికి 3,303.84 వచ్చేది. అంటే కాలిక్యులేటర్ అంకె కూడా ఆయనకు సరైన కొలమానం కాదు, ఎందుకంటే అది ఏడాది పొడవునా పనిచేసినట్టు భావించి లెక్కిస్తుంది.

దీన్ని సరిదిద్దే పని పేరోల్‌ది కాదు, బ్రిటన్ పన్నుల శాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీది. తొలి జీతం చెల్లించాక కోడ్‌ను మార్చాలంటే సాధారణంగా వారి నుంచి నోటీసు రావాలి. కాబట్టి గవ్.యూకేలో పర్సనల్ టాక్స్ అకౌంట్ తెరిచి, ‘ఇన్‌కమ్ టాక్స్’ విభాగంలో మీ ఉద్యోగం, చేరిన తేదీ, అంచనా ఆదాయం సరిగ్గా ఉన్నాయో చూసి సవరించండి, లేదా 0300 200 3300కి ఫోన్ చేయండి. అక్టోబరు జీతానికి ముందే `1257L` అందిందనుకుంటే, అప్పటికి మొత్తం జీతం 7,000, ఏడు నెలల వెసులుబాటు దాదాపు 7,337 కనుక పన్ను సున్నా. సెప్టెంబరులో కోసిన 771.66 అదే జీతంతో తిరిగి వస్తుంది. ఆ నెల చేతికి 4,075.50. ఎన్‌ఐ మాత్రం తిరిగి రాదు, అది సరిగ్గానే పడింది కాబట్టి.

అక్టోబరు జమను చూసి నెలసరి ఖర్చుల లెక్క వేసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే రెండో సందేహం సరిగ్గా ఇక్కడే పుడుతుంది. నవంబరులో పోగైన వెసులుబాటు జీతం కంటే వెనుకబడి 422.80 పన్ను పడుతుంది, చేతికి 2,881 వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా దాదాపు 490 చొప్పున స్థిరపడి సుమారు 2,813 వస్తుంది. ఇంటి అద్దె, ఇంటికి పంపే డబ్బు ఈ చివరి అంకె మీద ఆధారపడి నిర్ణయించుకోవాలి. దానిలోంచి కూడా పెన్షన్ పోవచ్చు. 22 ఏళ్లు నిండినవారిని కంపెనీ ఆటోమేటిక్‌గా చేరుస్తుంది గానీ ఆ చేర్చడాన్ని మూడు నెలల వరకు వాయిదా వేసే హక్కు దానికి ఉంది కనుక, డిసెంబరులోనో జనవరిలోనో కొత్త వరుస ఒకటి కనిపించవచ్చు. నెలకు 520 పౌండ్లు పైబడిన జీతం మీద 5 శాతం లెక్కన మన ఉదాహరణలో అది 149 పౌండ్లు. పేస్లిప్‌లో 119.20 మాత్రమే కనిపిస్తే పొరపాటు అనుకోకండి. ‘రిలీఫ్ ఎట్ సోర్స్’ పద్ధతిలో మిగతా 29.80ని పెన్షన్ సంస్థ ప్రభుత్వం నుంచి రాబట్టి మీ ఖాతాలో వేస్తుంది.

మార్చి జీతం దాకా కోడ్ మారకుండానే ఉండిపోతే, మే 31 లోపు కంపెనీ ఇచ్చే, ఏడాది జీతాన్నీ కోసిన పన్నునూ చూపే పీ60ని భద్రపరచుకోండి. ఎక్కువ కట్టిన పన్నును హెచ్‌ఎంఆర్‌సీ లెక్కించి ‘పీ800’ లేఖ పంపవచ్చు, రాకపోతే మీరే అడగవచ్చు. ఆ పన్ను సంవత్సరం ముగిసిన తర్వాత నాలుగేళ్ల వరకు అడిగే గడువు ఉంటుంది కనుక, ఈ మధ్యలో ఉద్యోగం మారినవారూ, స్వదేశానికి తిరిగి వెళ్లినవారూ కూడా పాత పేస్లిప్‌లు, పీ60, పీ45 ఉన్నట్లయితే ఆ సొమ్మును రాబట్టుకోవచ్చు.