లాభం ఉన్నా నగదు మైనస్‌లో ఎందుకు?

"కంపెనీ లాభం చూపిస్తోంది, మరి ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్‌లో ఎందుకుంది?"

నెట్‌ఫ్లిక్స్ 2019 లెక్క చూడండి. నికర లాభం దాదాపు 187 కోట్ల డాలర్లు. ఫ్రీ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారంలో వచ్చిన నగదులోంచి ఆస్తుల కొనుగోలు పోగా మిగిలేది, మైనస్ 330 కోట్ల దరిదాపుల్లో ఉంది.

తేడా అంతా సిరీస్‌ల దగ్గరే. ఒక సిరీస్‌కి 100 రూపాయలు అయిందనుకోండి. నటీనటులకి, సిబ్బందికి ఆ డబ్బు షూటింగ్ సమయంలోనే వెళ్లిపోతుంది. లాభనష్టాల ఖాతాలో మాత్రం విడుదలయ్యాక కొన్నేళ్లపాటు విడతలుగా ఖర్చు రాస్తారు. ఆ ఏడాది కంటెంట్‌కి పెట్టింది దాదాపు 1,390 కోట్ల డాలర్లు, ఖర్చుగా రాసింది 920 కోట్లే. నేనైతే ముందు ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టి చూస్తాను.

2020లో కోవిడ్ వల్ల షూటింగులు ఆగాయి. ఫ్రీ క్యాష్ ఫ్లో ప్లస్ 190 కోట్లకు చేరింది. అందులో చాలా భాగం వాయిదా పడిన ఖర్చే.