మిషను కొనడానికి అప్పు ఎక్కడ తీసుకోవాలి?

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనడానికి మీ మామయ్య దగ్గర తీసుకోవాలా, పొదుపు సంఘంలోనా, బ్యాంకులోనా అని అడిగావు. ముందుగా, పని తక్కువగా ఉండే నెలలో దారం, కరెంటు, మరమ్మతు ఖర్చులు పోగా ఆ మిషను మీద నీ చేతికి ఎంత మిగులుతుందో రాసుకో. వాయిదా ఆ మొత్తాన్ని దాటకూడదు. మంచి నెల రాబడిని చూసి వాయిదా ఒప్పుకుంటే పని తగ్గిన నెలలో ఇంటి ఖర్చుల్లోంచి కట్టవలసి వస్తుంది.

మిషను ధర అరవై వేలనీ, పని తగ్గిన నెలలో నాలుగు వేలు మిగులుతుందనీ అనుకుందాం. ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీ అని ఇద్దరు చెప్పినా, లెక్క కట్టే పద్ధతి వేరైతే భారం ఒకటి కాదు. మొదట తీసుకున్న మొత్తం మీదనే చివరిదాకా వడ్డీ వేసేవారికి పన్నెండు నెలల్లో 7,200 వడ్డీ కట్టాలి. తీరగా మిగిలిన అసలు మీదనే వేసేవారికి దాదాపు 3,970 చాలు. అయితే ఈ రెండో పద్ధతిలోనూ నెలకు 5,330 వస్తుంది కాబట్టి నీకు సరిపోదు. అదే అప్పును పద్దెనిమిది నెలలకు పెట్టించుకుంటే వడ్డీ మొత్తం 5,860 వరకు పెరిగినా, వాయిదా 3,660కి దిగి నీ నాలుగు వేలలో ఇముడుతుంది. నేనైతే ఆ అదనపు వడ్డీకి వెనుకాడను.

సంఘంలో కట్టే వడ్డీలో కొంత లాభంగా తిరిగి సభ్యులకే చేరవచ్చు, కాగితాలూ తక్కువే. కానీ పొదుపు ఎంత ఉందో దాన్నిబట్టే అప్పు ఇస్తారు, నువ్వు ఒక వాయిదా తప్పితే తోటి సభ్యులు సర్దవలసి రావచ్చు. అందుకని ఆ అప్పును మిషనుకు వాడకుండా, మోటారు చెడిపోయినప్పుడో, దారం ఒక్కసారిగా కొనవలసి వచ్చినప్పుడో తీసుకునేలా ఉంచుకో.

మీ మామయ్య వడ్డీ అడగడు, గడువూ చెప్పడు. నన్ను భయపెట్టేది ఆ గడువు లేకపోవడమే. నేను మా అన్నయ్య దగ్గర అలాగే తీసుకున్నాను. నాలుగో నెలలో వాళ్ల ఇంట్లో ఆపరేషను వచ్చి డబ్బు కావలసివచ్చింది. ఆయన నోరు తెరిచి అడగలేదు, వదిన కబురు పంపింది. అప్పుడే పని అందుకున్న మిషనును కొన్న ధరకు సగానికి అమ్మి ఇచ్చాను. బ్యాంకు మొత్తం ధర ఇవ్వకుండా నీ వంతు కొంత పెట్టమంటే, ఆ కొద్దిపాటి సొమ్ము మాత్రమే మామయ్యను అడుగు. ఏ నెలలో ఎంత తీరుస్తావో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి.

మిషను కోసం మాత్రం బ్యాంకుకే వెళ్లు. దుకాణం నుంచి ధర రాసిన కొటేషను తీసుకెళితే సొమ్ము చాలావరకు నేరుగా దుకాణానికే వెళుతుంది, అప్పు తీరేదాకా మిషను నీ దగ్గరే ఉన్నా బ్యాంకు తాకట్టులో ఉంటుంది. ఫీజులూ బీమా పోగా నికరంగా ఎంత అప్పు అందుతుందో అడుగు. పని కుదురుకోవడానికి రెండు నెలలు పడుతుందంటే మొదటి వాయిదాకు గడువు కోరు. ఆ నెలల వడ్డీ మాత్రం కలుస్తూనే ఉంటుంది. సంతకం చేసేముందు వాయిదాల పట్టిక ఇమ్మని అడిగి, వడ్డీ గడిలో అంకె నెలనెలా తగ్గుతోందో లేదో వేలు పెట్టి చూసుకో. అన్ని గళ్లలో ఒకే అంకె ఉంటే సంతకం చేయకుండా ఆ పట్టిక నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ