33 నెలలా, 94 నెలలా, 125 నెలలా?

ప్రశ్న: నెలకు 8,000 రూపాయల చొప్పున దాచి 10 లక్షలు చేయాలనుకుంటున్నాను. వడ్డీ ఏడాదికి 7.2 శాతం, నెలనెలా అసలులో కలుస్తుంది. ఎన్ని నెలలు పడుతుందో తెలుసుకుందామని సూత్రంలో లాగరిథమ్ వేసి చూస్తే 33 వచ్చింది. వడ్డీ సంగతి వదిలేసి మామూలుగా భాగిస్తే 125. మా తమ్ముడు ఫోన్‌లో ఏదో చూసి 94 అంటున్నాడు. ఏది నమ్మాలి?

జవాబు: మీ తమ్ముడి మాటే నమ్మండి. 94 నెలలు, అంటే 7 ఏళ్ల 10 నెలలు.

మీరు సూత్రం సరైనదే ఎంచుకున్నారు, లాగరిథమ్ కూడా సరిగ్గానే తీశారు. పొరపాటు అంతకంటే ముందే, వడ్డీ రేటు దగ్గర జరిగింది. మీకు వచ్చిన 33 దగ్గరే కాసేపు ఆగుదాం. 33 నెలల్లో మీ జేబులోంచి వెళ్లేది 2,64,000. మిగతా 7,36,000 వడ్డీగా రావాలి. ఆ 2,64,000 మొత్తాన్ని మొదటి రోజే వేసేసినా, 33 నెలల్లో 7.2 శాతం మీద వచ్చే వడ్డీ 60 వేలకు మించదు. కాగితం మీద ఏ జవాబు వచ్చినా ముందు ఇలా ఒకసారి చేత్తో తడిమి చూడాలి. వడ్డీ ఉన్నప్పుడు 125 కంటే తగ్గాల్సిందే, కానీ 33కి పడిపోవడానికి ఈ రేటు చాలదు.

మరి 33 ఎక్కడి నుంచి వచ్చింది? మీరు 8,000 నెలకు అని వేశారు, రేటు మాత్రం 0.072, అంటే ఏడాదిది వేశారు. సూత్రానికి నెల, ఏడాది అన్న తేడా తెలియదు. అది చూసేది ఒక విడత, ఆ విడతకు ఒక రేటు, అంతే. 7.2 శాతం ఏడాదికి అన్నారు కాబట్టి విడత అంటే ఏడాది అనుకుంది. ఏడాదికి 8,000 చొప్పున వేస్తే 10 లక్షలు ఎప్పటికి అవుతాయో చెప్పింది. దానికి 33 ఏళ్ల పైమాటే, ఆ లెక్క సరైనదే. మీరు అడగని ప్రశ్నకు సరైన జవాబు వచ్చిందన్నమాట. నా దగ్గరికి వచ్చే లెక్కల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

నెలకు రేటు 0.072 ÷ 12 = 0.006. ఇక్కడ శాతాన్ని దశాంశంగా మార్చడం మరిచి 0.6 వేసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు పది నెలల్లోనే 10 లక్షలు చేరిపోతాయని వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. మీరు నెలాఖరున డబ్బు వేస్తారనుకుందాం. మొదటి 8,000 మిగతా నెలలన్నీ వడ్డీ సంపాదిస్తుంది, రెండోది ఒక నెల తక్కువ, చివరిదానికి అసలు వడ్డీయే రాదు. ఇవన్నీ కలిపితే బళ్లో చదువుకున్న గుణశ్రేణి మొత్తమే వస్తుంది:

```
మొత్తం = 8000 × (1.006^n − 1) ÷ 0.006
```

n అంటే ఎన్ని నెలలన్నది. ఈ మొత్తం 10 లక్షలు కావాలి. 10,00,000ని 0.006తో గుణిస్తే 6,000. దాన్ని 8,000తో భాగిస్తే 0.75. అటు ఉన్న 1 ఇటు తెస్తే:

```
1.006^n = 1.75
```

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. 1.006ను దానితోనే ఎన్నిసార్లు గుణిస్తే 1.75 అవుతుంది? మనకు కావలసిన n పైన ఘాతాంకంలో కూర్చుంది. కూడికలు, తీసివేతలు, భాగహారాలతో అది కిందికి దిగదు. దాన్ని కిందికి దించేది లాగరిథమే, తెలుగు పాఠాల్లో సంవర్గమానం అన్నది ఇదే:

```
n = log 1.75 ÷ log 1.006
  = 0.243038 ÷ 0.002598
  = 93.55
```

ఫోన్ క్యాలిక్యులేటర్‌లో log, ln అని రెండు బటన్లు ఉంటాయి. ఏది నొక్కినా ఫర్వాలేదు, పైన కిందా ఒకటే నొక్కాలి. పైన ln, కింద log నొక్కితే 215 వస్తుంది. అది 125 కంటే ఎక్కువ కాబట్టి తప్పని వెంటనే పట్టుబడుతుంది. పట్టుబడని తప్పు ఇంకొకటి ఉంది. కింద ఉన్న 0.002598 చాలా చిన్న సంఖ్య. దాన్ని 0.003 అని కుదించారంటే జవాబు 81కి దిగిపోతుంది. 81 చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది కూడా. కొత్తలో నేనూ ఒకరికి ఇలాగే దాదాపు ఏడాది తక్కువ చెప్పి నాలుక్కరుచుకున్నాను. అప్పటినుంచి చివరి జవాబు వచ్చేదాకా అంకెలు కుదించను.

93.55 అంటే 94వ నెల సగంలో పని అయిపోతుందని కాదు. 93వ నెలాఖరుకు మీ ఖాతాలో సుమారు 9,92,350 ఉంటుంది. తర్వాతి నెలంతా దానికి వచ్చే వడ్డీ 5,954 మాత్రమే, అది ఒక్కటే చాలదు. 94వ నెలాఖరున వడ్డీ పడ్డాక ఇంకో 1,694 వేస్తే 10 లక్షలు నిండుతాయి. అంటే చివరి వాయిదా పూర్తిగా కట్టనక్కర్లేదు. ఈ లెక్కలో దశాంశం వచ్చినప్పుడు ఎప్పుడూ పై నెలకే పోవాలి. మొత్తం మీద మీరు కట్టేది 7,45,694, వడ్డీ 2,54,306. నెలాఖరున కాకుండా నెల మొదట్లో వేస్తే n 93.12 అవుతుంది. పై నెలకు పోతే అదీ 94వ నెలే, కాకపోతే 94వ వాయిదా అసలు వేయనక్కర్లేదు, ఆ నెల వడ్డీతోనే 10 లక్షలు నిండుతాయి.

ఇప్పుడు మీరు అడగలేదు గానీ, తప్పకుండా అవసరమయ్యే మాట. ఏడున్నర ఏళ్లకు పైగా వడ్డీ రేటు 7.2 దగ్గరే నిలబడుతుందని అన్ని చోట్లా హామీ ఉండదు. రేటు మారిన రోజున ఈ సూత్రం పనికిరాదు, ఎందుకంటే అప్పటికే మీ ఖాతాలో కొంత డబ్బు ఉంటుంది. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. నెలవారీ వాయిదాను నెల రేటుతో భాగించండి: 8,000 ÷ 0.006 = 13,33,333. ఇదేమీ గాల్లోంచి వచ్చిన సంఖ్య కాదు. ఖాతాలో అంత ఉంటే దాని మీద నెల వడ్డీయే 8,000 వస్తుంది. ఈ సంఖ్యను లక్ష్యానికీ, చేతిలో ఉన్న మొత్తానికీ రెండిటికీ కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి లాగరిథమ్ తీయాలి:

```
n = log[(లక్ష్యం + P/i) ÷ (ఉన్నది + P/i)] ÷ log(1 + i)
```

P అంటే నెల వాయిదా, i అంటే నెల రేటు. ఉన్నది సున్నా అయితే ఇది మళ్లీ ఆ 1.75 లెక్కే అవుతుంది, వేసి చూడండి.

నాలుగేళ్లు, అంటే 48 నెలలు గడిచాక రేటు 6 శాతానికి తగ్గిందనుకుందాం. అప్పటికి ఖాతాలో సుమారు 4,43,480 ఉంటుంది. కొత్త నెల రేటు 0.005, కాబట్టి 8,000 ÷ 0.005 = 16,00,000. పైన 26,00,000, కింద 20,43,480. భాగిస్తే 1.27234. దాని లాగరిథమ్‌ను log 1.005తో భాగిస్తే 48.29, అంటే ఇంకో 49 నెలలు. మొత్తం 97. రేటు 7.2 నుంచి 6 శాతానికి పడిపోయినా మీకు జరిగిన ఆలస్యం మూడు నెలలే. చాలామంది టెన్షన్ పడేంత విషయం కాదిది.

ఇదే సూత్రంతో ఇంకో సంగతి బయటపడుతుంది. సున్నా నుంచి మొదటి లక్ష చేరడానికి 12 నెలల పైనే పడుతుంది. 9 లక్షల నుంచి 10 లక్షలకు వెళ్లడానికి 7 నెలల పైచిలుకు చాలు. అందుకే మొదటి రెండేళ్లు డబ్బు అస్సలు పెరగడం లేదనిపిస్తుంది. అక్కడే ఎక్కువమంది విసిగి మానేస్తారు. మీ దగ్గర ఇప్పటికే ఓ లక్ష ఉండి దాన్ని ఇందులో వేయగలిగితే, నిదానంగా నడిచే ఆ మొదటి ఏడాది పూర్తిగా తప్పిపోతుంది. 94కి బదులు 82 నెలల్లో అయిపోతుంది.

మీరు అడిగింది నెలల లెక్కే అయినా, ఎక్కువమంది ఆ తర్వాత అడిగేది 'త్వరగా అవ్వాలంటే ఏం చేయాలి' అని. ఎక్కువ వడ్డీ ఎక్కడ దొరుకుతుందా అని తిరగడం నాకు పెద్దగా నచ్చదు. మొదటి నుంచీ 8.4 శాతం దొరికినా 94 నెలలు 91 అవుతాయి, అంతే. వాయిదాను 8,000 నుంచి 9,000 చేస్తే 86కి వస్తాయి. 10,000 చేస్తే 79. మీ లక్ష్యం ఏడెనిమిదేళ్ల దూరంలో ఉంది, అందులో దాదాపు నాలుగింట మూడు వంతుల డబ్బు మీ వాయిదాలే. వడ్డీకి బలం పుంజుకునేంత సమయం ఇందులో లేదు. ముప్పై ఏళ్ల లెక్క అయితే ఈ మాట ఇలా చెప్పలేను, అక్కడ రేటే రాజు.

ఒక్క హెచ్చరిక. ఈ 94 నెలలు 10 లక్షల రూపాయలు చేరడానికి పట్టే కాలం. మీరు కొనాలనుకుంటున్న వస్తువు ఈలోపు అదే ధరకు దొరుకుతుందని సూత్రం చెప్పదు. ధర ఏటా 5 శాతం పెరిగితే ఈ రోజు 10 లక్షలది 94 నెలల తర్వాత 14.6 లక్షలు దాటుతుంది. లక్ష్యం దేనికో మీరు రాయలేదు. ఎవరికైనా తిరిగి ఇవ్వాల్సిన బాకీ లాంటి స్థిరమైన మొత్తమైతే 94 నెలలే ఖాయం చేసుకోండి. కొనుగోలు అయితే ఏడాదికోసారి ఆ రోజు ధరను లక్ష్యంగా, ఆ రోజు ఖాతాలో ఉన్నదాన్ని 'ఉన్నది'గా పెట్టి రెండో సూత్రంలో మళ్లీ వేయండి. అప్పుడు కూడా రేటును 12తో భాగించారో లేదో ముందు చూసుకోండి.